బైవీక్లీ: వారానికి రెండా, రెండు వారాలకొకటా?

రైల్వే స్టేషన్‌లో కొత్త బండి గురించి ప్రకటన వస్తుంది. ఫలానా ఊరికి బైవీక్లీ ఎక్స్‌ప్రెస్. విన్నవాళ్లలో ఎవరికీ అనుమానం రాదు. వారంలో రెండు రోజులు నడిచే బండి అని అర్థం. ట్రైవీక్లీ అంటే మూడు రోజులు. మూడు వారాలకోసారి కదిలే రైలని ఎవరూ అనుకోరు.

ఆ ప్రకటన విన్న పెద్దమనిషి కూతురు అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిందనుకుందాం. ఆఫర్ లెటర్‌లో జీతం బైవీక్లీ అని రాసి ఉంది. ఫోన్‌లో చెబితే తండ్రి నోరు వెళ్లబెడతాడు. ‘‘వారానికి రెండుసార్లు జీతమేంటమ్మా?’’ కాదు, అక్కడ జీతాల విషయంలో ఆ మాటకు రెండు వారాలకోసారి అనే అర్థం. పద్నాలుగు రోజులకోసారి ఖాతాలో డబ్బు పడుతుంది. తండ్రి తప్పు చదవలేదు, కూతురూ తప్పు చెప్పలేదు. ఒకే మాటను రెండు వేర్వేరు ఇళ్లలో రెండు రకాలుగా నేర్పారు, అంతే.

రైలు విషయంలో ఈ మాట వల్ల నష్టం లేదు. టైంటేబుల్లో బండి పేరు పక్కనే ఏ వారాల్లో నడుస్తుందో ఉంటుంది. జీతం విషయంలోనూ పెద్ద ఇబ్బంది లేదు. ఏడాది పొడవునా ఏ తేదీల్లో జీతం పడుతుందో కంపెనీలు ముందే పట్టిక ఇస్తాయి. చిక్కంతా ఆ మాట ఒంటరిగా, పక్కన తేదీ గానీ వారం పేరు గానీ లేకుండా వచ్చినప్పుడే. అలా వచ్చే చోటు ముఖ్యంగా ఒకటుంది. మీటింగుల గురించి ఆఫీసుల్లో తిరిగే రెండు లైన్ల మెసేజ్.

ఈ అయోమయం మన ఇంగ్లీషు పట్టు తప్పడం వల్ల వచ్చింది కాదు. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు తెరిస్తే బైవీక్లీకి రెండు అర్థాలూ ఉంటాయి. రెండు వారాలకోసారి జరిగేది అని ఒకటి, వారానికి రెండుసార్లు జరిగేది అని ఇంకొకటి. ‘బై’ అనే ముక్క లాటిన్ నుంచి వచ్చింది. అందులో ‘రెండు’ అన్న భావమూ ఉంది, ‘రెండుసార్లు’ అన్న భావమూ ఉంది. రెండు చక్రాలున్నది బైసికిల్ అయితే, రెండు వారాలకు సంబంధించినది బైవీక్లీ అనుకోవడం సబబే. వీక్లీ అంటే వారానికోసారి కాబట్టి, దాన్ని రెండు చేస్తే వారానికి రెండుసార్లు అనుకోవడమూ అంతే సబబు. రెండు దారులూ తిన్నగానే వెళ్తాయి. కాకపోతే చేరే ఊళ్లు వేరు.

వార్షికం దగ్గర మాత్రం ఇంగ్లీషువాళ్లు జాగ్రత్త పడ్డారు. రెండేళ్లకోసారి వచ్చేదానికి బైఎనియల్ అని, ఏడాదికి రెండుసార్లు వచ్చేదానికి బైయాన్యువల్ అని రెండు వేర్వేరు మాటలు పెట్టుకున్నారు. వాటినీ జనం కలిపేస్తుంటారన్నది వేరే కథ. వారం దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా కూడా లేదు. అమెరికాలో చాలా పత్రికలు పాటించే ఏపీ స్టైల్‌బుక్ ఒక గీత గీసింది: బైవీక్లీ అంటే వారం విడిచి వారం, వారానికి రెండుసార్లయితే సెమీవీక్లీ. రాసేవాళ్లకు అది మంచి నియమం. చదివేవాడికి ఆ నియమం తెలియకపోతే మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు. రాసినతను ఆ నియమం పాటించాడో లేదో మెసేజ్ చూసి చెప్పడం అసలే కుదరదు.

మన దేశంలో ఈ మాట ఇంకో దారిన నడిచింది. పత్రికల రిజిస్ట్రార్ లెక్కల్లో దినపత్రికల తర్వాత ట్రై/బైవీక్లీలని ఒక వర్గం, ఆ తర్వాత వీక్లీలు, ఆ తర్వాత ఫోర్ట్‌నైట్లీలు వస్తాయి. అంటే ఇక్కడ బైవీక్లీ వారానికి రెండుసార్లు వచ్చే పత్రిక. రెండు వారాలకోసారి వచ్చేదానికి ఫోర్ట్‌నైట్లీ అని వేరే పేరుంది. 1919లో బాంబే క్రానికల్ మీద ప్రభుత్వం వేటు వేసినప్పుడు, వారపత్రికగా ఉన్న యంగ్ ఇండియాను గాంధీ చేతుల మీదుగా బైవీక్లీ చేశారు. పత్రిక తరచుగా రావాలన్నదే అక్కడి ఉద్దేశం. రెండు వారాలకోసారికి తగ్గించడం కాదు.

అంతటితో మన దేశంలో లెక్క తేలిపోయిందనుకుంటే, రిజర్వు బ్యాంకు అడ్డొస్తుంది. 2014 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు ‘బైమంత్లీ’ పరపతి విధాన ప్రకటనలు చేస్తోంది. అవి నెలకు రెండుసార్లు రావు, సుమారు రెండు నెలలకోసారి వస్తాయి. ఏడాదికి ఆరు. తెలుగు పత్రికలు దాన్ని ‘ద్వైమాసిక సమీక్ష’ అని రాస్తాయి. ఆ తెలుగు మాటలో గందరగోళం లేదు. ద్వైమాసిక పత్రిక అంటే రెండు నెలలకోసారి వచ్చేదని పాఠకులకు తెలుసు. మొత్తానికి ఒకే దేశంలో రైలుకు ‘బై’ తగిలిస్తే సంఖ్య పెరుగుతుంది, రిజర్వు బ్యాంకు తగిలిస్తే తగ్గుతుంది.

ఇప్పుడు ఒక మెసేజ్‌ను చేతిలోకి తీసుకుని తేదీల వారీగా చూద్దాం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ బృందం, డాలస్‌లో వాళ్ల క్లయింట్. 2026 కొత్త సంవత్సరం మొదట్లో క్లయింట్ వైపు మేనేజర్ నుంచి మెసేజ్ వచ్చిందనుకుందాం. ‘‘జనవరి 5 సోమవారం, సెంట్రల్ టైమ్ ఉదయం 8 గంటలకు మన బైవీక్లీ కాల్ మొదలుపెడదాం.’’ హైదరాబాద్‌లో అది సాయంత్రం ఏడున్నర. అందరూ బొటనవేలి బొమ్మ పెట్టారు. పని అయిపోయినట్టే కనిపించింది.

మేనేజర్ మనసులో ఉన్నది రెండు వారాలకోసారి అనుకుందాం. ఆయన జీతం వచ్చే లెక్క అదే కాబట్టి ఆయనకు ఆ మాట సహజం. ఆయన లెక్కలో కాల్స్ జనవరి 5, 19, ఫిబ్రవరి 2, 16, మార్చి 2, 16, 30. మూడు నెలల్లో ఏడు. హైదరాబాద్ టీమ్ లీడ్‌కు తెలిసిన బైవీక్లీ రైలుది. వారానికి రెండు అనుకున్నాడు, సోమవారం ఎలాగూ చెప్పారు, రెండోది గురువారమని తనే సర్దుకున్నాడు. ఆయన లెక్కలో సోమవారాలు పదమూడు, గురువారాలు పన్నెండు, వెరసి ఇరవై ఐదు. ఏడుకూ ఇరవై ఐదుకూ మధ్య ఉన్న తేడా ఒక్క మాటలో దాక్కుంది.

జనవరి 5న కాల్ చక్కగా జరిగింది. ఇక్కడే చాలామంది పొరపడతారు. మొదటి కాల్ సరిగా జరిగింది కాబట్టి ఏర్పాటు సరిగానే ఉందనుకుంటారు. నిజానికి మొదటి తేదీ రెండు అర్థాల్లోనూ ఒకటే. అది దేనికీ రుజువు కాదు. దారులు చీలేది జనవరి 8 గురువారం నాడు. ఆ సాయంత్రం ఏడున్నరకు హైదరాబాద్‌లో నలుగురు లైన్లో కూర్చున్నారు. అవతల ఎవరూ లేరు. పది నిమిషాలు చూశారు, ఆయన మర్చిపోయి ఉంటాడనుకున్నారు, వెళ్లిపోయారు. మర్యాదకు ఎవరూ అడగలేదు. సోమవారం 12న మళ్లీ అదే వరస. అప్పటికి గానీ టీమ్ లీడ్‌కు అనుమానం రాలేదు.

ఈ వైపు పొరపాటు నయం. వెళ్లినవాళ్లకు ఎదురుగా ఖాళీ కనిపిస్తుంది, వారం లోపే బయటపడుతుంది. తిరగేసి చూస్తేనే అసలు నష్టం తెలుస్తుంది. పంపినవాడి మనసులో వారానికి రెండుసార్లు ఉండి, అందుకున్నవాళ్లు రెండు వారాలకోసారి అనుకుంటే, గురువారం నాడు ఎదురుచూసేది పంపినవాడు. హైదరాబాద్‌లో అందరూ తమ పనిలో తాము హాయిగా ఉంటారు. తప్పు జరిగిందన్న సూచన వాళ్లకు ఏ వైపు నుంచీ రాదు. అవతలివాడు ఒకసారి ఊరుకుని, రెండోసారి నొచ్చుకుని, మూడోసారి పైవాళ్లకు రాసేదాకా తెలియదు. అప్పటికి విషయం మాట అర్థం దగ్గర ఉండదు. వీళ్లు మీటింగులకు రారన్న పేరు దగ్గర ఉంటుంది.

అందుకే తక్కువ తరచుదనం అర్థంగా తీసుకున్నవాళ్లే ముందు అడగాలి. రెండు వారాలకోసారి అని మనసులో అనుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లకు ఆ నిశ్చింత పొరపాటైతే చెప్పేవాళ్లెవరూ ఉండరు.

అడగడం తేలికే గానీ అడిగే తీరు ముఖ్యం. ఆఫీసుల్లో మామూలుగా జరిగే సంభాషణ ఇలా ఉంటుంది.

‘‘అన్నా, ఈ బైవీక్లీ అంటే ఎట్లా? వారానికి రెండుసార్లా?’’

‘‘నాకూ డౌటే. రెండు వారాలకోసారేమో.’’

‘‘అడుగుదామా?’’

‘‘వద్దులే, ఇంగ్లీషు రాదనుకుంటాడు. సోమవారం వస్తాడు కదా, చూద్దాం.’’

పై సంభాషణలో చివరి మాటే మీటింగులను చెడగొడుతుంది. ఆ సంకోచానికి కారణం లేదు. నిఘంటువే రెండు అర్థాలు ఇచ్చిన మాటను అడిగి తెలుసుకోవడం భాష రాకపోవడం కాదు. పైగా సోమవారం కాల్‌తో ఏమీ తేలదని ముందే చూశాం.

అడిగినా కొందరు ఇలా రాస్తారు: ‘‘బైవీక్లీ కన్ఫర్మ్ చేయగలరా?’’ దానికి జవాబు ‘‘ఎస్, కన్ఫర్మ్‌డ్’’ అని వస్తుంది. అటూ ఇటూ అందరూ సంతోషిస్తారు, గుట్టు మాత్రం విప్పలేదు. అనుమానం ఉన్న మాటనే ప్రశ్నలో వాడితే, అవతలివాడు తన అర్థంతో అవునంటాడు, ఇవతలివాడు తన అర్థంతో ఆ అవునును అందుకుంటాడు. కాబట్టి ప్రశ్నలో ఆ మాటే ఉండకూడదు. తేదీలుండాలి. ‘‘జనవరి 5 తర్వాతి కాల్ జనవరి 19, ఆ తర్వాతది ఫిబ్రవరి 2 అని రాసుకున్నాం. సరేనా?’’ దీనికి అవునన్నా కాదన్నా జవాబులో అస్పష్టత ఉండదు. కాదంటే ‘‘లేదు, ప్రతి సోమ, గురువారాలు’’ అని ఆయనే విప్పి చెబుతాడు.

మూడు తేదీలు ఎందుకంటే, ఒక్కటి చాలదు. జనవరి 5 మాత్రమే రాస్తే ఏ అర్థమైనా పడుతుంది. రెండోది రాస్తే మధ్య ఎడం తెలుస్తుంది. మూడోది రాస్తే ఆ ఎడం ప్రతిసారీ అంతేనని తెలుస్తుంది. ఉదాహరణకు 5, 19 అని రెండే రాస్తే, అది పద్నాలుగు రోజుల లెక్కా, నెలలో మొదటి, మూడో సోమవారాల లెక్కా అన్నది తేలదు. ఈ రెండు లెక్కలు మార్చి దాకా ఒకే తేదీల మీద నడిచి, మార్చి 30 దగ్గర విడిపోతాయి. పద్నాలుగు రోజుల లెక్కలో ఆ రోజు కాల్ ఉంది. మొదటి, మూడో సోమవారాల లెక్కలో లేదు, తర్వాతిది ఏప్రిల్ 6. కాబట్టి మూడు తేదీలతో పాటు ‘వారం విడిచి వారం’ అన్న ముక్క కూడా చేరిస్తే ఆ సందూ మూసుకుంటుంది.

తెలుగులో అనువదించుకుంటే గొడవ వదులుతుంది కదా అనిపించవచ్చు. ఇక్కడ మన భాషలోనూ ఒక మెలిక ఉంది. రెండు వారాలకోసారి అన్న భావానికి మన నోట సహజంగా వచ్చేది ‘పదిహేను రోజులకోసారి’. డాక్టరు మళ్లీ రమ్మన్నా, పాలవాడు లెక్క చూడమన్నా అదే మాట. రెండు వారాలంటే పద్నాలుగు రోజులు. ఆ ఒక్క రోజును మామూలు మాటల్లో ఎవరూ పట్టించుకోరు. పట్టిక వేసేటప్పుడు పట్టించుకోక తప్పదు. జనవరి 5 సోమవారానికి పదిహేను కలిపితే జనవరి 20 మంగళవారం వస్తుంది, ఇంకో పదిహేను కలిపితే ఫిబ్రవరి 4 బుధవారం. కాల్ వారం మారుతూ జారిపోతుంది.

‘పక్షం’ ఇంకాస్త లోతైన మాట. పంచాంగంలో పక్షమంటే పదిహేను తిథులు. చాంద్రమాసం సుమారు 29.53 రోజులు కాబట్టి సగటున పక్షం 14.77 రోజులవుతుంది. పద్నాలుగూ కాదు, పదిహేనూ కాదు. మన పక్షపత్రికలు తిథులనూ వారాలనూ కాక నెలనే సగానికి విడగొట్టుకుని నెలకు రెండు సంచికలు తెస్తాయి, ఏడాదికి ఇరవై నాలుగు. పెట్రోలు ధరలను చమురు కంపెనీలు ‘పక్షానికోసారి’ మార్చిన రోజుల్లోనూ ఇదే లెక్క. ఒకటో తేదీ, పదహారో తేదీ. 2017 జూన్ 16 నుంచి రోజువారీ మార్పు వచ్చాక ఆ తేదీల కోసం ఎదురుచూడటం పోయింది. ఇంగ్లీషు ఫోర్ట్‌నైట్ మాత్రం పుట్టుకతోనే పద్నాలుగు. ‘పద్నాలుగు రాత్రులు’ అన్న పాత ఇంగ్లీషు మాట అరిగి అరిగి అలా అయింది.

ఫోర్ట్‌నైట్‌కూ మన దేశంలో నిలకడ లేదు. బ్యాంకులు రిజర్వు బ్యాంకుకు లెక్కలు చూపే ‘ఫోర్ట్‌నైట్’ చాలా కాలం శనివారంతో మొదలై రెండో శుక్రవారంతో ముగిసేది, కచ్చితంగా పద్నాలుగు రోజులు. 2025 నాటి బ్యాంకింగ్ చట్టాల సవరణ దాన్ని మార్చింది. నెలలో 1 నుంచి 15 వరకు ఒకటి, 16 నుంచి నెలాఖరు వరకు ఇంకొకటి. ఫిబ్రవరిలో రెండో ఫోర్ట్‌నైట్ పదమూడు రోజులే ఉండొచ్చు, జనవరిలో పదహారు. చట్టమే ఆ మాటకు అర్థం రాసిపెట్టింది కాబట్టి బ్యాంకువాళ్లకు చిక్కు లేదు. మెసేజ్ పంపేవాడి వెనక అలాంటి చట్టం ఏదీ ఉండదు.

పద్నాలుగు రోజులకూ అరనెలకూ ఉన్న ఈ తేడాను అమెరికాలో కొత్తగా దిగిన తెలుగు కుటుంబాలు మొదట జీతం దగ్గరే చూస్తాయి. ఏడాదికి 78,000 డాలర్ల జీతమనుకుందాం. బైవీక్లీ అయితే 26 భాగాలు, పన్నులు తీయక ముందు ఒక్కో విడత 3,000 డాలర్లు. నెలకు రెండుసార్లు ఇచ్చే సెమీమంత్లీ పద్ధతిలో 24 భాగాలు, ఒక్కోటి 3,250. మొదటి పద్ధతిలో జీతం తీసుకునే కొత్తవాళ్లు 3,000ను రెండుతో హెచ్చవేసి నెలకు ఆరు వేలు, ఏడాదికి 72,000 అని లెక్క వేసి, ఆఫర్‌లో చెప్పిన మొత్తం కంటే ఆరు వేలు తగ్గిందేమిటని కంగారు పడతారు. తగ్గలేదు. 2026లో మొదటి జీతం జనవరి 2 శుక్రవారం పడితే, 16న, 30న కూడా పడుతుంది. జనవరిలో మూడు, జూలైలో మళ్లీ మూడు, మిగతా నెలల్లో రెండేసి. ఆ రెండు అదనపు విడతలే కనిపించని ఆరు వేలు. ఇంటద్దె మాత్రం ఏ నెలకా నెల ఒకటో తేదీన వస్తుంది.

డాలస్ కాల్ దగ్గరికి తిరిగి వస్తే, ఆ మెసేజ్‌తో పాటు క్యాలెండర్ ఆహ్వానం పంపి ఉంటే సగం గొడవ ఉండేది కాదు. క్యాలెండర్ ప్రోగ్రాములు ఈ మాటను దాదాపు దూరం పెట్టాయి. గూగుల్ క్యాలెండర్‌లో ఆహ్వానం తెరిస్తే `Every 2 weeks on Monday` అనో, `Weekly on Monday, Thursday` అనో కనిపిస్తుంది. లోపల అవి వాడే ప్రమాణం ఐక్యాలెండర్. 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 5545 అనే పత్రంలో దాని నియమాలున్నాయి. అందులో ఎంత తరచుగా అన్నదానికి రోజు, వారం, నెల, ఏడాది లాంటి విలువలున్నాయి గానీ బైవీక్లీ అనే విలువే లేదు. రెండు వారాలకోసారి అని చెప్పాలంటే ఇలా రాయాలి:

```
DTSTART;TZID=America/Chicago:20260105T080000
RRULE:FREQ=WEEKLY;INTERVAL=2;BYDAY=MO
```

వారానికి రెండుసార్లయితే రెండో వరస ఇలా మారుతుంది:

```
RRULE:FREQ=WEEKLY;BYDAY=MO,TH
```

మొదటిదాంట్లో `INTERVAL=2` అన్నది ఎడం చెబుతుంది. రెండోదాంట్లో ఎడం లేదు, రెండు వారాల పేర్లున్నాయి. మనుషులు ఒక్క మాటలో ఇరికించిన రెండు సంగతులను యంత్రం రెండు వేర్వేరు గదుల్లో పెట్టింది. ఆహ్వానం అందినవాళ్లు ‘యెస్’ నొక్కే ముందు ఆ ఒక్క లైను చదివితే చాలు. చాలామంది పేరూ సమయమూ చూసి నొక్కేస్తారు.

ఆ నియమంలో గమనించాల్సింది ఇంకొకటుంది. ఏ వారం కాల్ ఉంటుంది, ఏ వారం ఉండదు అన్నది పూర్తిగా `DTSTART` తేదీ మీద ఆధారపడి ఉంటుంది. రెండు వారాలకోసారి అని ఇద్దరూ ఒప్పుకున్నాక కూడా, ఒకరు 5 నుంచి లెక్కపెట్టి, ఇంకొకరు 12 నుంచి లెక్కపెడితే ఆ ఇద్దరూ ఎన్నటికీ కలుసుకోరు. పాత ఆహ్వానం చెరిపేసి కొత్తది పెట్టినప్పుడు ఇది తరచూ జరుగుతుంది. కొత్తది ఏ సోమవారం మొదలైతే లెక్క అక్కణ్ణుంచి మళ్లీ మొదలవుతుంది.

మన డాలస్ కాల్‌లో సెలవులు సరిగ్గా ఈ కీలు మీదే కొట్టాయి. హైదరాబాద్ టీమ్ లీడ్ రెండు సోమవారాలు బోల్తా పడకుండా, మొదటి కాల్ రోజునే మూడు తేదీలు రాసి అడిగాడనుకుందాం. మేనేజర్ జవాబిచ్చాడు: ఎడం సరే, జనవరి 19 మాత్రం కుదరదు. అది జనవరి మూడో సోమవారం, అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. 26కు మారుద్దామా అన్నాడు. 26 సోమవారం ఇక్కడ రిపబ్లిక్ డే. రెండూ వదిలేస్తే తర్వాతిది ఫిబ్రవరి 2. కాల్స్ రెండు వారాలకోసారి అని మొదలుపెట్టిన వెంటనే నాలుగు వారాల ఎడం వచ్చింది. ఇంకో రెండు వారాలు ముందుకెళ్తే ఫిబ్రవరి 16, అది ఫిబ్రవరి మూడో సోమవారం. అమెరికాలో ప్రెసిడెంట్స్ డే.

ఇవన్నీ ఆ మెసేజ్ వచ్చిన రోజే క్యాలెండర్‌లో కనిపించే విషయాలు. బైవీక్లీ అన్న మాట వాటిని కప్పేసింది. తేదీలు రాయగానే బయటపడ్డాయి. మాట అర్థం తేల్చుకోవడానికి వేసిన ప్రశ్న, అడగని సెలవుల సంగతి కూడా తేల్చింది. సోమవారాలు పనికిరావని ఇద్దరికీ అర్థమై మంగళవారానికి మార్చుకున్నారనుకుందాం. జనవరి 6, 20, ఫిబ్రవరి 3, 17. వీటిలో ఏదీ ఆ రెండు సెలవుల మీదా పడదు, రిపబ్లిక్ డే మీదా పడదు.

వారానికి రెండుసార్లు అన్న అర్థం వైపు వెళ్లినా ఇదే జాగ్రత్త వేరే రూపంలో కావాలి. వారానికి రెండుసార్లు అన్నంత మాత్రాన ఏ రెండు రోజులో తెలియదు. సోమ, మంగళ కావచ్చు, సోమ, గురు కావచ్చు. మందుల విషయంలో ఇది మరీ సున్నితం. కీళ్లవాతానికి వాడే ఎటనర్‌సెప్ట్ ఇంజెక్షన్ 25 మిల్లీగ్రాములను వారానికి రెండుసార్లు ఇచ్చేటప్పుడు రెంటి మధ్య మూడు నాలుగు రోజుల ఎడం ఉండాలి. అదే జబ్బుకు వాడే అడాలిముమాబ్ 40 మిల్లీగ్రాములు మామూలుగా వారం విడిచి వారం. ఒకే రోగానికి, ఒకే విభాగంలో రాసే రెండు మందులు. ఒకదానికి బైవీక్లీ ఒక అర్థంలో, ఇంకోదానికి ఇంకో అర్థంలో సరిపోతుంది. అడాలిముమాబ్ కంపెనీ సమాచార పత్రంలో ఆ మాట జోలికి పోకుండా ‘వారం విడిచి వారం’ అన్న అర్థమిచ్చే మాటలే వాడారు. ఇంటి దగ్గర ఇంజెక్షన్ వేసుకునేవాళ్లకు నర్సు చేతిరాతతో గానీ, ఫోన్ మెసేజ్‌లో గానీ బైవీక్లీ అని వస్తే, తర్వాతి రెండు డోసుల తేదీలు రాయించుకునే దాకా సూది తీయకూడదు.

డాలస్ కాల్‌కు ఇంకో చిన్న ముడి మిగిలింది. మార్చి 8న అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. భారతదేశంలో జరగవు. కాల్ డాలస్‌లో ఎప్పట్లాగే ఉదయం 8కే ఉంటుంది, హైదరాబాద్‌లో మాత్రం ఏడున్నర ఆరున్నర అవుతుంది. మార్చి 3 మంగళవారం నాటి కాల్‌కు ఏడున్నరకు కూర్చున్న బృందం, మార్చి 17 నాటి కాల్‌కు ఆరున్నరకే కూర్చోవాలి. టీమ్ లీడ్ పంపిన చివరి మెసేజ్‌లో తేదీల పక్కన రెండు ఊళ్ల సమయాలూ ఉన్నాయి: మార్చి 3, డాలస్ ఉదయం 8, హైదరాబాద్ సాయంత్రం 7.30, మార్చి 17, డాలస్ ఉదయం 8, హైదరాబాద్ సాయంత్రం 6.30. బైవీక్లీ అన్న మాట అందులో ఎక్కడా లేదు.